హోంవర్క్ తగ్గిందని ఇంటికి ఎలా రాయాలి?

బడి నుంచి పిల్లవాడు వస్తాడు. తల్లి సంచి తీసి నోట్‌బుక్ తిరగేస్తుంది. పేజీలు నిండి ఉంటే ఈ రోజు చదువు బాగానే సాగిందనుకుంటుంది. ఖాళీగా ఉంటే బడిలో ఏం చెప్పలేదా అని అడుగుతుంది. చదువు వచ్చిన ఇంట్లోనూ ఈ అలవాటు ఉంది. చదువు రాని ఇంట్లో మాత్రం బడి పని చేస్తోందని చెప్పే సాక్ష్యం చాలాసార్లు ఆ నిండిన పేజీ ఒక్కటే. అందులో ఏం రాశాడో తల్లికి తెలియకపోవచ్చు గానీ, ఎంత రాశాడో కంటికి కనబడుతుంది.

అలాంటి ఇంటికి ‘ఇకమీదట హోంవర్క్ తగ్గిస్తున్నాం’ అని బడి ఒక కాగితం పంపితే ఆ తల్లికి ఏమని వినిపిస్తుంది? బడిలో చదువు తగ్గిపోయిందని వినిపిస్తుంది. మరుసటి వారం పిల్లవాణ్ని ట్యూషన్‌లో చేర్పిస్తారు, లేదంటే పక్క ఊరి ప్రైవేటు బడి బస్సు ఎక్కిస్తారు. మార్పు మంచిదే అయినా ఉత్తరం దాన్ని చెడగొట్టినట్టవుతుంది. హోంవర్క్ మార్పు గురించి రాసే ఉత్తరం రెండు పనులు చేయాలని నా అభిప్రాయం. ఏం మారిందో చెప్పాలి. దాంతోపాటు, ఇన్నాళ్లూ తల్లి చేతిలో ఉన్న కొలత తీసేస్తున్నాం కాబట్టి దాని బదులు ఇంకో కొలత ఇవ్వాలి. చాలా ఉత్తరాల్లో ఉండనిది ఈ రెండోదే.

అసలు మార్పు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు హోంవర్క్ ఇవ్వకూడదని 2018లో మద్రాసు హైకోర్టు చెప్పింది. అదే ఏడాది కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు ఆ మేరకు సూచనలు పంపింది. 2020లో వచ్చిన కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం తరగతుల వారీగా లెక్క చెప్పింది. రెండో తరగతి వరకు హోంవర్క్ వద్దు. మూడు నుంచి ఐదు వరకు వారం మొత్తానికి కలిపి రెండు గంటలు మించకూడదు. ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట, ఆ పైన రోజుకు రెండు గంటలు దాటకూడదు. దీన్ని అమలు చేయాలనుకునే ప్రధానోపాధ్యాయుడికి లెక్క తెలుసు. లెక్కను ఊరికి చెప్పడమే కష్టం.

ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉందనుకుందాం. ఒకటి నుంచి ఐదు తరగతులు. తల్లిదండ్రుల్లో డిగ్రీ చదివినవాళ్లు ఉన్నారు, ఏడో తరగతితో ఆపేసినవాళ్లు ఉన్నారు, సంతకం మాత్రం చేయగలిగినవాళ్లు ఉన్నారు. కొందరు పిల్లలు తాతయ్య, నాయనమ్మల దగ్గర ఉంటున్నారు. అమ్మానాన్నలు పనులకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 59 మంది. నేటి తల్లులు అంతకన్నా ఎక్కువ చదివారు గానీ, మనవల్ని పెంచుతున్న నాయనమ్మల్లో చదువు వచ్చినవాళ్లు అంతకన్నా తక్కువే.

ఆ బడిలో ఇన్నాళ్లూ హోంవర్క్ అంటే పాఠం చూసి రాయడం, ఎక్కాలు ఐదేసిసార్లు రాయడం. ఇప్పుడు దాన్ని మారుస్తున్నారు. దానికి మామూలుగా తయారయ్యే ఉత్తరం ఇలా ఉంటుంది.

‘ఇందుమూలముగా తల్లిదండ్రులందరికీ తెలియజేయునది ఏమనగా, ఉన్నతాధికారుల ఉత్తర్వుల మేరకు ప్రాథమిక స్థాయి విద్యార్థులపై మానసిక ఒత్తిడిని తగ్గించే నిమిత్తం గృహపాఠ విధానమునందు సవరణలు చేపట్టడమైనది. తల్లిదండ్రులు తమ పిల్లల అభ్యసన సామర్థ్యాలను ఇంటి వద్ద పర్యవేక్షించి సహకరించవలసిందిగా కోరడమైనది.’

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ ఏ రోజు నుంచి, ఏ తరగతికి, ఎంత పని అన్నది ఎక్కడా లేదు. ఎవరు మార్చారో కూడా తెలియదు, ‘చేపట్టడమైనది’ అనేసరికి మనిషి మాయమయ్యాడు. డిగ్రీ చదివిన తండ్రికి కూడా దీన్నిబట్టి రేపు కొడుకుని ఏం చేయమనాలో తెలియదు. ఇక ‘అభ్యసన సామర్థ్యాలను పర్యవేక్షించి’ అన్న మాట చదువు రాని తల్లి చెవిన పడితే, నా వల్ల కాని పని ఏదో నా మీద పెట్టారని మాత్రం అర్థమవుతుంది.

అదే ఉత్తరాన్ని నేనైతే ఇలా రాస్తాను.

‘పిల్లల తల్లిదండ్రులకు, ఇంటి పెద్దలకు నమస్కారం.

మన బడిలో పాఠాలు ఎప్పటిలాగే జరుగుతాయి. పిల్లలు బడిలో రోజూ రాస్తారు. ఇంటి దగ్గర ఇచ్చే హోంవర్క్ మాత్రం మారుస్తున్నాం. జూలై 6, సోమవారం నుంచి కొత్త పద్ధతి మొదలవుతుంది.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటి దగ్గర రాసే పని ఉండదు. రోజూ బడిలో విన్న కథో పాటో మీకు చెప్తారు. దయచేసి వినండి.

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు సోమ, బుధ, శుక్రవారాల్లో హోంవర్క్ ఉంటుంది. అది అరగంట పని. టీవీలో ఒక సీరియల్ అయ్యేంతసేపు. మిగతా రోజుల్లో పది నిమిషాలు పుస్తకం పైకి చదవాలి.

అరగంట దాటినా పని అవకపోతే ఆపమని చెప్పండి. మిగిలింది మర్నాడు బడిలో మేం దగ్గరుండి చేయిస్తాం. పిల్లల్ని కోప్పడం.

ఎందుకు మారుస్తున్నాం? పాఠం చూసి చక్కగా రాసిన పిల్లలు కూడా, రాసింది చదవమంటే కొందరు చదవలేకపోతున్నారు. అందుకే రాత తగ్గించి చదివించడం పెంచుతున్నాం. చిన్న పిల్లలకు హోంవర్క్ తగ్గించాలని ప్రభుత్వం కూడా చెప్పింది.

మీ బిడ్డకు చదవడం వస్తోందో లేదో మీరే తెలుసుకోవచ్చు. మూడో తరగతి దాటిన పిల్లల చేత రేషన్ కార్డులో మీ ఇంట్లోవాళ్ల పేర్లు చదివించండి. ఊరికి వచ్చే బస్సు బోర్డు చదివించండి. తడబడితే మాకు చెప్పండి. బడిలో మళ్లీ నేర్పిస్తాం. పాఠం చెప్పే పని మాది. మీరు వింటే చాలు.

ఏదైనా అడగాలంటే శనివారం సాయంత్రం నాలుగు గంటలకు బడికి రండి. పనికి వెళ్లేవారు ఫోన్ చేయండి.’

కింద ప్రధానోపాధ్యాయుడి పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. అంతే, ఒక కాగితం, ఒక వైపు.

దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మొదటి మాటే ‘పాఠాలు ఎప్పటిలాగే జరుగుతాయి’ అని ఉండటం కావాలని చేసింది. ఊళ్లో వార్త మొదటి వాక్యంతోనే పాకుతుంది. ‘ఒకటి, రెండు తరగతులకు రాసే పని ఉండదు’ అని మొదలుపెడితే సాయంత్రానికి రచ్చబండ దగ్గర ‘బడిలో హోంవర్క్ ఎత్తేశారట’ అవుతుంది. పైగా చాలా ఇళ్లలో ఈ కాగితాన్ని చదివి వినిపించేది ఆ పిల్లవాడే. వాడికి నచ్చిన వాక్యం దగ్గర ఆగిపోతాడు. అందుకే తల్లికి భయం కలిగే చోట ముందుగా జవాబు ఉండాలి. మార్పు ఆ తర్వాత రావాలి.

గృహపాఠం అనకుండా హోంవర్క్ అన్నాం, ఊరంతా అనేది అదే కాబట్టి. తేదీ పక్కన వారం పేరు రాశాం. సోమవారం అంటే అందరికీ గుర్తుంటుంది, ఆరో తేదీ అంటే క్యాలెండర్ చూడాలి. అరగంటను సీరియల్‌తో కొలిచాం. ఇవన్నీ చదువు రానివారి కోసమని ప్రత్యేకంగా చేసినవి కావు. డిగ్రీ చదివిన తండ్రికీ ఇలా రాస్తేనే ఒక్కసారి చదివితే ఎక్కుతుంది. ఒకే ఊరికి రెండు ఉత్తరాలు, చదువుకున్నవారికి ఒకటి, రానివారికి ఒకటి రాయాలనే ఆలోచన కొందరికి వస్తుంది. దయచేసి అది వద్దు. ఎవరికి ఏది అందిందో మర్నాటికల్లా అందరికీ తెలుస్తుంది. బడి తమను రెండు వరుసల్లో కూర్చోబెట్టిందని జనం మరిచిపోరు.

మర్యాద గురించి కూడా అదే మాట. ‘మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు’ అని మంచి మనసుతోనే రాస్తారు. ఆ వాక్యాన్ని పిల్లవాడు తల్లి ఎదుట పైకి చదువుతున్నప్పుడు ఆమెకు ఎలా ఉంటుందో ఊహించండి. పై ఉత్తరంలో చదువు వచ్చినా రాకపోయినా అన్న ప్రస్తావనే లేదు. వినమని అడిగాం. వినడం అందరికీ వచ్చు. ‘పిల్లల్ని పట్టించుకోవాలి’, ‘తప్పక పాటించవలెను’ లాంటి ఆజ్ఞలూ లేవు. పొద్దున్నే మిరపచేనుకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చే తల్లి పట్టించుకోవడం లేదనే హక్కు బడికి లేదు. ‘తల్లిదండ్రులకు’ అని ఆపేయకుండా ‘ఇంటి పెద్దలకు’ అని చేర్చింది నాయనమ్మల కోసం, తాతయ్యల కోసం. తమ పేరున ఉత్తరం రాలేదనుకుంటే వాళ్లు దాన్ని కొడుకు వచ్చేదాకా గూట్లో పెట్టి ఉంచుతారు.

ఇక అసలు సంగతి, రేషన్ కార్డు. తల్లికి చదవడం రాకపోతే పిల్లవాడు చదివింది తప్పో ఒప్పో ఎలా తెలుస్తుంది? పాఠ్యపుస్తకంతో అయితే నిజంగానే తెలియదు. రోజూ తరగతిలో వింటూ వింటూ పాఠం నోటికి వచ్చేసిన పిల్లలు పుస్తకం ముందు పెట్టుకుని గడగడా అప్పజెప్పగలరు. చూపు అక్షరాల మీద ఉండదు. కానీ కొన్ని కాగితాల్లో ఏముందో తల్లికి ముందే తెలుసు. రేషన్ కార్డులో ఇంట్లో అందరి పేర్లూ ఉంటాయి. పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఊరు, ముహూర్తం తెలిసినవే. బస్సు ఏ ఊరు వెళ్తుందో రోజూ ఎక్కే మనిషికి బోర్డు చూడకుండానే తెలుసు. అక్కడ పిల్లవాడు తడబడితే ఆమె చెవికి వెంటనే తెలిసిపోతుంది. రేషన్ కార్డు మీద ఒక పేరుపై వేలు పెట్టి ‘ఇది ఎవరి పేరురా’ అని అడిగితే చాలు. కుదరకపోతే పాఠ్యపుస్తకంతోనే ఇంకో ఉపాయం ఉంది. పాఠం మొదటి నుంచి కాకుండా మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి అక్కడి నుంచి చదవమనాలి. నోటికి వచ్చినవాడు మొదటికి వెళ్లి అందుకోవాలని చూస్తాడు. చదవడం వచ్చినవాడు అక్కడి నుంచే మొదలుపెడతాడు. లెక్కలకైతే కిరాణా కొట్టు ఉంది. 50 రూపాయల నోటు ఇచ్చి 32 రూపాయల సరుకు తెమ్మంటే ఎంత తిరిగి రావాలో కొట్టుకు వెళ్లే ముందే చెప్పమనాలి. పద్దెనిమిది అని తల్లి మనసులో లెక్క ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఇది ఆషామాషీ కొలత కాదు. గ్రామాల్లో పిల్లల చదువును ఏళ్ల తరబడి పరిశీలిస్తున్న అసర్ సర్వే చేసేదీ ఇలాంటిదే. వాలంటీర్లు ఇంటికి వెళ్లి, ఒక చిన్న కాగితం చేతికిచ్చి పైకి చదవమంటారు. 2024 సర్వేలో దేశంలోని గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు. ఆ సగం మంది కాని పిల్లల నోట్‌బుక్కులూ ఇన్నాళ్లూ నిండుతూనే ఉండి ఉంటాయి. చూసి రాయడానికి చదవడం రానక్కర్లేదు, అక్షరం ఆకారాన్ని బొమ్మలా దించితే సరిపోతుంది. ‘ఎందుకు మారుస్తున్నాం’ అన్నచోట ఉత్తరంలో చెప్పింది ఈ విషయమే. పిల్లల మీద ఒత్తిడి తగ్గించడానికి అని రాస్తే, మా కాలంలో ఒత్తిడి లేదా అని తండ్రి అంటాడు. రాసింది చదవలేకపోతున్నారు అంటే ఆ రాత్రే కొడుకుని పిలిచి చదివించి చూస్తాడు.

మరి ఇలా చదివించి చూసిన తల్లి, వీడికి రావడం లేదని బడికి వస్తే? ఉత్తరం రాసేవాళ్లు ముందే ఆలోచించుకోవాల్సింది ఇదే. ‘మళ్లీ నేర్పిస్తాం’ అని రాశాక నేర్పాలి. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకునే బడిలో అది తేలిక కాదు. చేయలేనిది ఉత్తరంలో రాయకూడదు. రోజూ ఆఖరి అరగంట వెనకబడ్డ పిల్లలకు కేటాయించగలిగితే అదే రాయండి. వారానికి రెండు రోజులే కుదిరితే రెండు రోజులనే రాయండి. ‘మిగిలింది బడిలో చేయిస్తాం, కోప్పడం’ అన్నదీ అంతే. ఆ మర్నాడు ఏ టీచరైనా హోంవర్క్ పూర్తి కాలేదని పిల్లవాణ్ని నిలబెడితే తల్లి ఇంకెప్పుడూ బడి కాగితాన్ని నమ్మదు. అందుకని ఈ ఉత్తరాన్ని తల్లిదండ్రులకన్నా ముందు బడిలోని టీచర్లందరూ చదివి ఒప్పుకోవాలి.

కాగితం ఎంత బాగా రాసినా కాగితంగానే వెళ్తే సగం ఇళ్లకే చేరుతుంది. అదే ఉత్తరాన్ని ప్రధానోపాధ్యాయుడు తన గొంతుతో చదివి, వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్‌గా పెట్టాలి. రెండు నిమిషాలు మించదు. తెలిసిన గొంతు కాబట్టి వింటారు, హైదరాబాద్‌లో ఉన్న తండ్రీ వింటాడు. తండాల్లో అయితే అక్కడి మనిషి చేత లంబాడీలో ఇంకోసారి చెప్పించి పెట్టాలి. ఫోన్ ఇంటికి ఒకటే ఉండి, అది మగవాళ్ల జేబులో ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్ల కోసం నేరుగా కలిసి చెప్పడం తప్పదు. విద్యాహక్కు చట్టం ప్రకారం తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరపడం టీచర్ల విధుల్లో ఒకటి. ఆ సమావేశంలో ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివి వినిపించవచ్చు. అప్పుడు చదువు వచ్చినవాళ్లూ రానివాళ్లూ అందరూ వినేవాళ్లే.

చదివాక ‘అర్థమైందా అమ్మా?’ అని అడగకండి. అందరూ అయిందనే అంటారు. కాకపోయినా నలుగురిలో కాలేదని ఎవరంటారు? దాని బదులు ‘ఇంటికెళ్లాక మీ అత్తమ్మగారికి ఈ సంగతి ఎలా చెప్తారమ్మా?’ అని అడిగి చూడండి. ‘ఇంక రాసేది ఏమీ లేదంట’ అని ఒకామె అన్నదంటే, మూడో తరగతి నుంచి వారానికి మూడు రోజులు ఉంటుందన్న సంగతి అందలేదన్నమాట. ‘రోజూ అరగంట’ అని ఇంకొకామె అంటే రోజుల పేర్లు చేరలేదు. ఏ వాక్యం దారి తప్పిందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఆ వాక్యాన్ని మార్చి, అప్పుడు కాపీలు తీయించాలి.

ఉత్తరం అందినట్టు సంతకం కావాలంటారు కొందరు. వేలిముద్ర వేయించుకోవడానికి కాగితం కింద గడి గీస్తారు. పిల్లవాడి ఎదుట తల్లి చేత వేలిముద్ర వేయించే ఆ గడి అవసరం లేదు. ఎవరికి అందిందో హాజరుపట్టీ పక్కన టీచరు గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. మర్నాడు తరగతిలో ‘ఉత్తరం ఎవరికి చదివి వినిపించావు, వాళ్లేమన్నారు?’ అని పిల్లల్ని అడిగితే సంతకంలో తెలియని సంగతులు కూడా తెలుస్తాయి.

ఒక్క ఉత్తరంతో పని అయిపోదు. మొదటి నెలలో ఊళ్లో సణుగుడు తప్పదు. ఎక్కువగా వచ్చే మాట, ప్రైవేటు బడి పిల్లలు రోజూ రెండు గంటలు రాస్తున్నారు, మావాళ్లు ఆడుకుంటున్నారు అని. దీనికి వాదన పనిచేయదు. నెలాఖరున ఒక శనివారం తల్లిదండ్రులను పిలిచి, ప్రతి పిల్లవాడి చేతా వాళ్ల ఇంటి పెద్దల పక్కన కూర్చోబెట్టి నాలుగు వాక్యాలు చదివించాలి. అందరి ముందు కాదు, ఎవరింటివాళ్ల పక్కన వాళ్లు. వెనకబడిన పిల్లలు ఉంటారు, వాళ్ల తల్లులకు వచ్చే నెలలో ఏం చేయబోతున్నారో టీచరు విడిగా చెప్పాలి. రెండు నెలలు గడిచినా చదవడం మెరుగుపడకపోతే లోపం బడిలో జరిగే చదివింపులో ఉందని అనుకోవాలి, దాన్ని సరిచేయాలి. తగ్గించిన హోంవర్క్‌ను మళ్లీ పెంచినందువల్ల చదవడం రాదు.

ప్రధానోపాధ్యాయులకు, టీచర్లకు ఒక విన్నపం. మీ ఉత్తరం సిద్ధమయ్యాక దాన్ని ముందుగా మీ బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మకు చదివి వినిపించండి. ఆమె పిల్లలో మనవలో చాలావరకు మీ బడిలోనే చదువుతూ ఉంటారు. ఆమె తిరిగి చెప్పింది, మీరు రాసింది ఒకటే అయ్యేదాకా కాపీలు తీయించకండి.